ఒకే మాస్టర్ రెజ్యూమె, మూడు వెర్షన్లు: ఎంతవరకు మార్చవచ్చు?

ప్రశ్న: "హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో నాలుగేళ్లుగా చేస్తున్నాను. బ్యాంకు క్లయింట్‌కి ప్రొడక్షన్ సపోర్ట్. టికెట్లు, బ్యాచ్ జాబ్‌లు, కొంచెం ఎస్‌క్యూఎల్, నెలాఖరు రిపోర్ట్. మొదట్లో ఐదు నెలలు ప్రాజెక్ట్ లేక బెంచ్ మీద ఉన్నాను. అమీర్‌పేట్‌లో పవర్ బీఐ కోర్సు చేశాను. ఇప్పుడు సీనియర్ సపోర్ట్, డేటా అనలిస్ట్, బిజినెస్ అనలిస్ట్ మూడింటికీ అప్లై చేద్దామనుకుంటున్నా. ఒక్కోదానికి ఒక్కో రెజ్యూమె ఉండాలంటున్నారు. ఫ్రెండ్స్ అయితే డేటా అనలిస్ట్, 4 ఏళ్లు అని రాసెయ్ అంటున్నారు. మార్చడానికీ అబద్ధానికీ తేడా ఎక్కడ?"

సమాధానం:

సపోర్ట్, డేటా టీమ్‌లకు మనుషుల్ని తీసుకునే ఇంటర్వ్యూ ప్యానెళ్లలో చాలాకాలంగా కూర్చుంటున్నాను కాబట్టి, అవతలి కుర్చీలోంచి ఇది ఎలా కనిపిస్తుందో చెబుతాను. రెజ్యూమె చదువుతున్నప్పుడు మాకు ఒక అంచనా ఏర్పడుతుంది: ఈ అభ్యర్థి రోజులో ఎక్కువ భాగం ఏం పని చేస్తున్నారు, ఎంత బాధ్యత మోస్తున్నారు అని. మీ మూడు వెర్షన్లలో ఏది చదివినా ఆ అంచనా నిజానికి దగ్గరగా రావాలి. ఒక్కో వాక్యం విడిగా నిజమే అయినా, అన్నీ కలిపి చదివితే తప్పుడు అంచనా వచ్చేలా ఉంటే అది తప్పుదారి పట్టించడమే. మీ ఫ్రెండ్స్ చెప్పిన లైను సంగతి సరే, అది నేరుగా అబద్ధం. కానీ జాగ్రత్తగా ఉండే వాళ్లు కూడా తెలియకుండా పడిపోయేది, విడివిడి నిజాలతో తప్పుడు అంచనా ఇచ్చే ఆ మొదటి దానిలోనే.

ముందు మాస్టర్ గురించి. చాలామంది ఉన్న రెజ్యూమెకి "మాస్టర్" అని పేరు పెట్టి, దాన్నే కాపీ చేసి మారుస్తూ పోతారు. అలా చేస్తే నాలుగో కాపీకి వచ్చేసరికి "సహాయం చేశాను" కాస్తా "నిర్వహించాను" అవుతుంది, ఆరో కాపీలో "నాయకత్వం వహించాను" అవుతుంది. ఎప్పుడు మారిందో మీకే గుర్తుండదు. అందుకే మాస్టర్ అనేది ఎవరికీ పంపని ఫైలు కావాలి. దాన్ని రెజ్యూమె భాషలో రాయకండి, తెలుగులో రాసుకున్నా పర్వాలేదు. ఎనిమిది పేజీలైనా సరే. ఏ వెర్షనైనా నేరుగా మాస్టర్ నుంచే పుట్టాలి, ఒక వెర్షన్ నుంచి ఇంకో వెర్షన్ తీయకూడదు.

అందులో చేసిన ప్రతి ముఖ్యమైన పనికీ ఒక పేరా ఉండాలి. సమస్య ఏమిటి, నా చేతులతో నేను ఏం చేశాను, మిగతావాళ్లు ఏం చేశారు, ఏ టూల్స్ వాడాను, ఏదైనా సంఖ్య ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చింది, ఇది నిజమని చెప్పగల మనిషి ఎవరు. ఇందులో "మిగతావాళ్లు ఏం చేశారు" అన్న ముక్కను అందరూ వదిలేస్తారు. నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది అదే.

మీలాంటి పనికి సరిపోయే ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడిపిస్తాను. మాస్టర్‌లో ఇలా రాసుకున్నారనుకుందాం:

"రాత్రి 2 గంటలకు నడిచే రీకన్సిలియేషన్ జాబ్, అంటే లావాదేవీల లెక్కలు సరిచూసే ప్రోగ్రాం, తరచూ ఫెయిల్ అయ్యేది. వచ్చే ఫైల్‌లో డూప్లికేట్ రికార్డులు ఉన్నప్పుడే ఫెయిల్ అవుతోందని మూడు నెలల టికెట్లు, లావాదేవీల టేబుళ్లు ఎస్‌క్యూఎల్‌లో కలిపి చూసి నేను కనిపెట్టాను. ఖాతా, మొత్తం, తేదీ ఒకటే అయితే డూప్లికేట్ అనుకున్నాను. కానీ ఒకే కస్టమర్ ఒకేరోజు రెండుసార్లు 500 రూపాయలు కట్టవచ్చు కదా అని బ్యాంకు ఆపరేషన్స్ వాళ్లు చెప్పారు. అప్పుడు రెఫరెన్స్ నంబర్ కూడా కలిపాం. ఆ కాల్స్ నడిపింది మా లీడ్, నియమాలు నోట్స్‌గా రాసి డెవలపర్లకు పంపింది నేను. జాబ్‌కు ముందు నడిచే చెక్ క్వెరీ నేను రాశాను. అసలు కోడ్ మార్చింది డెవలప్‌మెంట్ టీమ్. ఈ జాబ్ మీద టికెట్లు నెలకు 30 దాకా వచ్చేవి, తర్వాత 8 దాకా వచ్చాయి. ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలు టికెట్ టూల్‌లో రిపోర్ట్ తీసి చూశాను. లీడ్‌కు తెలుసు."

ఇప్పుడు దీంట్లోంచి మూడు వెర్షన్లు తీద్దాం. రెజ్యూమెలో ఇవి ఇంగ్లీషులో ఉంటాయి, ఇక్కడ భావం మాత్రం ఇస్తున్నాను.

సీనియర్ సపోర్ట్‌కి: "రాత్రి నడిచే రీకన్సిలియేషన్ జాబ్ పదేపదే ఫెయిల్ కావడానికి మూలకారణం డూప్లికేట్ రికార్డులని గుర్తించి, జాబ్‌కు ముందు నడిచే చెక్ రాశాను. డెవలప్‌మెంట్ టీమ్ చేసిన కోడ్ మార్పుతో కలిపి, ఈ జాబ్ మీద టికెట్లు నెలకు సుమారు 30 నుంచి 8కి తగ్గాయి."

డేటా అనలిస్ట్‌కి: "మూడు నెలల ఫెయిల్యూర్ టికెట్లను లావాదేవీల టేబుళ్లతో ఎస్‌క్యూఎల్‌లో కలిపి విశ్లేషించి, వైఫల్యాలకూ డూప్లికేట్ రికార్డులకూ ఉన్న సంబంధాన్ని చూపించాను. ఖాతా, మొత్తం, తేదీ, రెఫరెన్స్ నంబర్ ఆధారంగా డూప్లికేట్లను పట్టుకునే డేటా క్వాలిటీ చెక్ రాశాను."

బిజినెస్ అనలిస్ట్‌కి: "బ్యాంకు ఆపరేషన్స్ టీమ్‌తో జరిగిన చర్చల్లో పాల్గొని, ఏ లావాదేవీని డూప్లికేట్‌గా లెక్కించాలన్న నియమాలను రాసి డెవలపర్లకు అందించాను."

మూడూ నిజమే. చూసే కోణం మారింది, ఏ ముక్క ముందు రావాలో మారింది, ఆ రంగంలో వాడే మాట వచ్చింది. ఇప్పుడు మూడో దాన్ని ఇంకోసారి చూడండి. "రిక్వైర్‌మెంట్స్ సేకరణకు నాయకత్వం వహించాను" అని రాయాలని చేయి లాగుతుంది, ఎందుకంటే జేడీలో, అంటే కంపెనీ ఇచ్చే ఉద్యోగ వివరణలో, ఆ మాటే ఉంటుంది. కాల్స్ నడిపింది మీ లీడ్ అని మాస్టర్‌లో ఉంది కాబట్టి మీరు ఆగుతారు. ఆ ముక్క రాసుకోకపోయి ఉంటే, ఏడాది తర్వాత మీరే నడిపారని మీకే నమ్మకం కలిగేది. క్రియల విషయంలో నాకు తెలిసిన మంచి పరీక్ష ఒకటుంది. ఆ కాల్స్‌లో ఉన్న లీడ్ మీ పక్కన కూర్చుని ఈ లైను చదివితే, మధ్యలో ఆపి సవరిస్తారా? సవరిస్తారనిపిస్తే ఒక మెట్టు దిగండి. "పాల్గొని, రాసి అందించాను" అన్నది చిన్న మాట కాదు. జూనియర్ బిజినెస్ అనలిస్ట్ ఉద్యోగంలో ఎక్కువగా చేయించేది అదే.

సంఖ్య గురించి కూడా ఒక మాట. 30 నుంచి 8 అంటే 73 శాతం తగ్గుదల. చాలామంది "ఇన్సిడెంట్లు 73 శాతం తగ్గించాను" అని రాస్తారు. అందులో రెండు సంగతులు మాయమవుతాయి: అది ఒక్క జాబ్ టికెట్ల లెక్క అన్నది, సగం పని డెవలపర్లది అన్నది. ప్యానెల్లో మేం ఆ శాతం చూడగానే అడిగేది "మొత్తం ఎన్ని, ఎలా కొలిచారు?" అని. అసలు సంఖ్యలు రాస్తే ఆ ప్రశ్నకు సగం జవాబు కాగితం మీదే ఉంటుంది, మిగతా సగం మీరు హాయిగా చెబుతారు. కొలవని చోట సంఖ్య పెట్టకండి. సంఖ్య లేని స్పష్టమైన లైను మీద నాకు అనుమానం రాదు, ప్రతి లైనులోనూ శాతం ఉంటే వస్తుంది. ఇంకో జాగ్రత్త: ఉద్యోగంలో ఉండగానే ఇలాంటి లెక్కలు మీ మాటల్లో నోట్ చేసుకోండి, కానీ రిపోర్టులు, స్క్రీన్‌షాట్లు, క్లయింట్ డేటా సొంత మెయిల్‌కు పంపుకోకండి. క్లయింట్ పేరు బయట చెప్పకూడదని ఒప్పందం ఉంటే "ఒక ప్రైవేటు బ్యాంకు" అని రాస్తే చాలు, ఎవరూ తప్పుపట్టరు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం: పాళ్లు. మీ పనిలో టికెట్లు, బ్యాచ్ జాబ్‌లు, షిఫ్టులు కలిపి వారంలో నాలుగు రోజులు, ఎస్‌క్యూఎల్ విశ్లేషణ, రిపోర్టులు కలిపి ఒక రోజు అనుకుందాం. డేటా అనలిస్ట్ వెర్షన్‌లో ఆరు లైన్లు పెడితే ఆరూ ఆ ఒక్క రోజు పని గురించే రాస్తారు. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ చదివినవాళ్లు నాలుగేళ్లు డేటా పనే చేశారనుకుంటారు. దీనికి విరుగుడు చిన్నదే. ప్రతి వెర్షన్‌లోనూ ఆ ఉద్యోగం కింద మొదటి లైను, ఆ ఉద్యోగం ప్రధానంగా ఏమిటో చెప్పాలి: "ప్రైవేటు బ్యాంకు పేమెంట్స్ అప్లికేషన్‌కు ప్రొడక్షన్ సపోర్ట్, వారంలో సుమారు ఒక రోజు డేటా విశ్లేషణ, రిపోర్టింగ్." ఆ తర్వాత మిగతా ఐదు లైన్లూ డేటా గురించే రాసినా ఎవరినీ మోసం చేసినట్టు కాదు, ఎందుకంటే కొలబద్ద ముందే ఇచ్చారు. షిఫ్టుల్లో టికెట్లు మూసిన సంగతులు వదిలేయండి, వదిలేయడం మీ హక్కు. ఉద్యోగ స్వభావాన్ని మాత్రం వదలకూడదు.

పైన రాసే సమ్మరీకి కూడా ఇదే వర్తిస్తుంది. "4 ఏళ్ల అనుభవం ఉన్న డేటా అనలిస్ట్" అనడానికి వీల్లేదు. "బ్యాంకింగ్ అప్లికేషన్ సపోర్ట్‌లో 4 ఏళ్ల అనుభవం, అందులో ఎస్‌క్యూఎల్ విశ్లేషణ, నెలవారీ రిపోర్టింగ్ భాగం, ఇప్పుడు డేటా అనలిస్ట్ పాత్ర కోసం చూస్తున్నాను" అనవచ్చు. ఇలా రాస్తే షార్ట్‌లిస్ట్ అవుతుందా అని మీకు టెన్షన్ ఉంటుంది. కొన్ని చోట్ల అవదు, అది నిజం. మూడేళ్ల పూర్తిస్థాయి డేటా అనుభవం తప్పనిసరి అన్న చోట అవదు. జూనియర్ అనలిస్ట్ పోస్టులకూ, బ్యాంకింగ్ డేటా తెలిసినవాళ్లు కావాలనే చోట్లా అవుతుంది. రెండు 500 రూపాయల చెల్లింపులు ఎందుకు డూప్లికేట్ కాకపోవచ్చో తెలిసిన మనిషి దొరకడం అంత తేలిక కాదు. అది మీ నిజమైన బలం, "4 ఏళ్ల డేటా అనలిస్ట్" అని రాస్తే ఇంటర్వ్యూ మొత్తం అటు పోకుండా మీరు చేయని పనుల మీదకు పోతుంది.

కొన్నింటిని ఏ వెర్షన్‌లోనూ ముట్టుకోకూడదు: కంపెనీ పేరు, హెచ్‌ఆర్ రికార్డులో ఉన్న డిజిగ్నేషన్, చేరిన తేదీ, ఉంటే వదిలిన తేదీ, చదువు, మార్కులు. సర్వీస్ కంపెనీల్లో డిజిగ్నేషన్లు "సీనియర్ సిస్టమ్స్ ఇంజినీర్" లాగా ఏమీ చెప్పకుండా ఉంటాయి కాబట్టి దాని పక్కన "ప్రొడక్షన్ సపోర్ట్" అని పని వివరం చేర్చవచ్చు. దాన్ని తీసేసి "డేటా అనలిస్ట్" అని పెట్టకూడదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పాత కంపెనీ హెచ్‌ఆర్‌ను ముఖ్యంగా అడిగేది డిజిగ్నేషన్, తేదీలే. యూఏఎన్ ఉన్నవాళ్లకు ఈపీఎఫ్‌ఓ సర్వీస్ హిస్టరీలో చేరిన, వదిలిన తేదీలు కనిపిస్తాయి, ఆదాయపు పన్ను రికార్డుల్లో జీతం మీద టీడీఎస్ ఎవరు కట్టారో కనిపిస్తుంది. తేడా బయటపడితే ఆఫర్ వెనక్కి పోవచ్చు, చేరాక బయటపడితే ఉద్యోగం పోవచ్చు.

మీ బెంచ్ కాలం కూడా ఇక్కడికే వస్తుంది. బెంచ్ మీద ఉన్నా మీరు ఉద్యోగే, కాబట్టి కంపెనీ తేదీలు పూర్తిగా రాయండి, నాలుగేళ్లు అనడంలో తప్పులేదు. ప్రాజెక్ట్ తేదీలను మాత్రం ఐదు నెలలు వెనక్కి లాగకండి. ప్రాజెక్ట్ మొదలైన నెలే రాయండి. బెంచ్‌లో ఏదైనా ట్రైనింగ్ ఇచ్చి ఉంటే ఒక లైను రాయండి, లేకపోతే ఏమీ రాయక్కర్లేదు. అడిగితే "ఐదు నెలలు ప్రాజెక్ట్ కేటాయించలేదు" అని చెప్పండి. సర్వీస్ కంపెనీల నుంచి వచ్చినవాళ్లలో ఇది ఎంత మామూలో ప్యానెల్‌కు తెలుసు.

స్కిల్స్ సెక్షన్‌లో పవర్ బీఐ, ఎస్‌క్యూఎల్ పక్కపక్కన కామా పెట్టి రాస్తే రెండూ ఒకే స్థాయిలో ఉన్నట్టు అర్థం వస్తుంది. రెండు లైన్లు చేయండి. ఒకటి "ఉద్యోగంలో వాడినవి", రెండోది "కోర్సులో, సొంత ప్రాజెక్టుల్లో వాడినవి". పవర్ బీఐ రెండో లైన్లోకి వెళ్తుంది. దానికి బలం కావాలంటే ఏదైనా ప్రభుత్వ ఓపెన్ డేటా తీసుకుని ఒక డ్యాష్‌బోర్డ్ చేసి, "సొంత ప్రాజెక్ట్" అని స్పష్టంగా రాసి లింక్ ఇవ్వండి. ఉద్యోగంలో ఎక్సెల్‌లో చేసిన నెలాఖరు రిపోర్ట్‌ను "పవర్ బీఐలో చేశాను" అని మార్చమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. రెండో ప్రశ్నలోనే దొరికిపోతారు: డేటా ఎక్కడి నుంచి రిఫ్రెష్ అయ్యేది, గేట్‌వే ఎవరు సెట్ చేశారు, ఎవరెవరికి యాక్సెస్ ఇచ్చారు? కోర్సులో ఇవి చెప్పినా, ఆఫీసులో అవి నిజంగా చేసినవాళ్లు చెప్పే జవాబు వేరేలా ఉంటుంది.

జేడీలోని మాటలు వాడవచ్చా అంటే, పని అదే అయితే తప్పకుండా వాడండి. మీరు "టికెట్లు చూడటం" అనేదాన్ని వాళ్లు "ఇన్సిడెంట్ మేనేజ్‌మెంట్" అంటే అదే రాయండి. రిక్రూటర్లు ఆ మాటతోనే వెతుకుతారు. కానీ "ప్రాబ్లెమ్ మేనేజ్‌మెంట్" వేరే పని. సమస్య మళ్లీ రాకుండా కారణం పట్టుకున్న సందర్భం మాస్టర్‌లో ఉంటేనే ఆ మాట. పైన మనం చూసిన జాబ్ లాంటిది మీకు ఉంటే నిశ్చింతగా రాయండి. నా పద్ధతి ఇది: జేడీలో తప్పనిసరి అన్న లైన్లు ఒక్కొక్కటీ తీసుకుని, దాని పక్కన మాస్టర్‌లో ఏ పేరా సరిపోతుందో గుర్తు పెట్టండి. పేరా దొరకని లైను ఖాళీగానే ఉండనివ్వండి. సగానికి పైగా ఖాళీగా మిగిలితే ఆ ఉద్యోగానికి మీ టైమ్ పెట్టొద్దని నా అభిప్రాయం, దాన్ని రెజ్యూమె మార్చి నింపలేరు. జేడీ మొత్తాన్ని తెల్ల అక్షరాల్లో అడుగున దాచి పెట్టే చిట్కా జోలికి అసలు పోకండి. సిస్టమ్ ఫైల్‌ను మామూలు అక్షరాలుగా మార్చినప్పుడు అదంతా రిక్రూటర్‌కు కనిపించవచ్చు.

ప్రతి జేడీకీ కొత్త వెర్షన్ అక్కర్లేదు. మీకు మూడు మూల వెర్షన్లు చాలు, వాటిలో ఒక్కో కంపెనీకి సమ్మరీ, స్కిల్స్ వరుస, పై మూడు లైన్లు మాత్రం సర్దుకుంటే అరగంట పని. ఫైల్‌కు మీ పేరు, పాత్ర, నెల పెట్టండి, పక్కన ఒక ఎక్సెల్‌లో ఏ కంపెనీకి ఏ తేదీన ఏ ఫైల్ వెళ్లిందో రాయండి. ఇంటర్వ్యూ ముందు రోజు తెరవాల్సింది ఆ ఫైల్‌నే.

నౌకరీ, లింక్డ్‌ఇన్ ప్రొఫైళ్లు మాత్రం మామూలుగా ఒక్కటొక్కటే ఉంటాయి, ఏ రిక్రూటర్ చూసినా అవే కనిపిస్తాయి. అక్కడ మూడింటికీ పొసిగే విశాలమైన వెర్షన్ పెట్టండి: అసలు డిజిగ్నేషన్, ప్రధాన పని, తేదీలు. ఒకే కంపెనీలో రెండు పోస్టులకు అప్లై చేస్తే హెచ్‌ఆర్ స్క్రీన్ మీద రెండు రెజ్యూమెలూ పక్కపక్కన కనిపించవచ్చు. లైన్ల వరుస వేరుగా ఉంటే ఎవరూ పట్టించుకోరు. ఒకదానిలో సపోర్ట్ అనుభవం నాలుగేళ్లు, ఇంకోదానిలో డేటా అనుభవం నాలుగేళ్లు ఉంటే రెండూ పక్కకు పోతాయి. నౌకరీలో ఒక్కో స్కిల్‌కు ఎన్నేళ్లని అడిగే చోట పవర్ బీఐకి నాలుగేళ్లు నొక్కేయకండి, ఆ గడి కూడా రెజ్యూమెలో భాగమే.

చివరగా కన్సల్టెన్సీల సంగతి. కొన్ని చోట్ల మీ వర్డ్ ఫైల్ తీసుకుని, మీకు చెప్పకుండా స్కిల్స్ చేర్చి క్లయింట్‌కు పంపుతారు. ఇంటర్వ్యూలో మీ ముందు ఉండేది ఆ ఫైలే. అందుకని వాళ్లకు పీడీఎఫ్ పంపండి, "క్లయింట్‌కు వెళ్లే కాపీ ముందు నాకు చూపించండి, నా అనుమతి లేకుండా మార్చవద్దు" అని మెయిల్‌లోనే రాయండి. వర్డ్ ఫైలే కావాలంటే ఇవ్వండి, కానీ వాళ్ల ఫార్మాట్‌లోకి మార్చిన కాపీని తెప్పించుకుని తేదీలు, డిజిగ్నేషన్, స్కిల్స్ లైన్లు మీ కాపీతో సరిచూడండి. చూపించడానికి ఒప్పుకోకపోతే ఆ దారిలో అప్లై చేయకండి. ఇంటర్వ్యూలో మీరు రాయని లైను మీద ప్రశ్న వస్తే వెంటనే "ఆ అనుభవం నాకు లేదు, నేను పంపిన కాపీలో అది లేదు, అది ఇప్పుడే పంపగలను" అని చెప్పండి. అలా చెప్పిన అభ్యర్థితో మేం ఇంటర్వ్యూ కొనసాగించిన సందర్భాలు ఉన్నాయి.